9 యూనిట్ల ఆటోనా, 12 యూనిట్ల ఆటోనా: ఏది మేలు?

మా బామ్మర్ది హనుమకొండలో పెట్రోల్ ఆటో నడుపుతాడు. ఖాజీపేట, హనుమకొండ, వరంగల్ స్టేషన్ మధ్య షేరింగ్, మధ్యమధ్య సొంత కిరాయిలు. ఎలక్ట్రిక్ ఆటోకు మారదామని షోరూంకు వెళితే, "పెద్ద బ్యాటరీ తీసుకో అన్నా, టెన్షన్ ఉండదు" అన్నారట. తీసుకోవాలా వద్దా అని ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాం.

ఒకే బండి రెండు సైజుల్లో దొరికితే పోల్చడం తేలిక. 2025లో వచ్చిన బజాజ్ గోగో అలాంటిదే. 9.2 కిలోవాట్ అవర్ బ్యాటరీది విడుదలప్పుడు ఢిల్లీ షోరూం ధర 3.27 లక్షలు, 12.1ది 3.83 లక్షలు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని యూనిట్టే. అంటే దాదాపు 3 యూనిట్ల తేడాకు 56 వేలు ఎక్కువ.

లెడ్ యాసిడ్ బ్యాటరీల ఈ-రిక్షా సంగతి ముందే తేల్చేస్తాను. నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు పెట్టుకుని గంటకు 25 కిలోమీటర్లు దాటని ఆ బండి గల్లీల్లో తిరగడానికి సరిపోతుంది. కొనేటప్పుడు చవకే, కానీ రోజూ వాడితే ఏడాదికే బ్యాటరీలు నీరసిస్తాయి. సెట్టు 38 వేలనుకుంటే, నెలకు 26 రోజుల లెక్కన రోజుకు 120 రూపాయలు వాటికే పోతాయి. డిస్టిల్డ్ వాటర్ మర్చిపోతే ఏడాది కూడా రావు. షేరింగ్ రూట్‌కు ఇది వద్దు.

ఇక అసలు పోలిక. రేంజ్ కాగితం చూడకుండా ముందు వాడు రోజుకు ఎంత తిరుగుతున్నాడో పది రోజులు మీటరు చూసి రాయించాం. తక్కువలో తక్కువ 78, ఎక్కువలో ఎక్కువ 104, సగటున 90 కిలోమీటర్లు. బస్సుల్లో ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక షేరింగ్ తగ్గిందని వాడి బాధ. అంతకుముందు 120 తిరిగిన రోజులను గుర్తు పెట్టుకుని బ్యాటరీ కొంటే ఇక్కడే పొరపాటు పడతాం.

ముగ్గురు ప్యాసింజర్లు, ఆగుతూ పోతూ ఉండే ట్రాఫిక్. ఇలాంటి ఆటో కిలోమీటరుకు 70 వాట్ అవర్లు తింటుందనుకోవాలి. బ్యాటరీని సున్నాకు దించకూడదు, 15 శాతం మిగిల్చుకోవాలి. ఆ లెక్కన 9.2 బ్యాటరీతో 110 కిలోమీటర్లు, 12.1తో 145 వరకు వస్తాయి. కొన్నేళ్లు గడిచి బ్యాటరీ శక్తి 80 శాతానికి పడిపోయాక అవి 90కీ, 117కీ దిగుతాయి. అంటే చిన్న బ్యాటరీ వాడి సగటు రోజుకు పాతబడినా సరిపోతుంది. 104 తిరిగిన రోజు చాలదు. కానీ భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు గంటసేపు 16 ఆంప్స్ ప్లగ్‌లో పెడితే రెండు యూనిట్ల పైనే ఎక్కుతుంది, అంటే ఇంకో 28 కిలోమీటర్లు.

పెద్ద బ్యాటరీకి ఎక్కువ పెట్టే 56 వేలను 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోన్‌లో కలిపితే నెలకు 1,530, పని చేసిన రోజుకు 59 రూపాయలు. రోజూ 110 దాటి తిరిగేవాడికి, లేదా మధ్యాహ్నం ఇంటికి రాలేనివాడికి ఆ 59 దండగ కాదు. "మేడారం జాతరకు పోవాలంటే?" అన్నాడు మా వాడు. హనుమకొండ నుంచి పోను వంద కిలోమీటర్లు, రాను వంద. రెండేళ్లకోసారి వచ్చే జాతర కోసం రెండేళ్లపాటు రోజుకు 59 చొప్పున కడితే 36 వేలు దాటుతుంది. పైగా మధ్యలో ఛార్జింగ్ లేకుండా పెద్దది కూడా పోయి రాలేదు.

కరెంటు ఖర్చు ఏ మీటరు నుంచి తీసుకుంటామనే దాని మీద ఉంటుంది. 90 కిలోమీటర్లకు బ్యాటరీలోంచి 6.3 యూనిట్లు పోతాయి. ఛార్జర్ వేడెక్కి కొంత వృథా అవుతుంది కాబట్టి గోడ దగ్గర 7.2 యూనిట్లు తిరుగుతుంది. నెలకు 187 యూనిట్లు. వాడింట్లో మామూలుగా కాలేది వంద యూనిట్లు, గృహజ్యోతిలో బిల్లు సున్నా. ఆటో కలిస్తే 287 అవుతుంది. 200 దాటిందంటే మొత్తం బిల్లు కట్టాల్సిందే. తెలంగాణ టారిఫ్‌లో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, ఆపైవి 7.70 చొప్పున పడతాయి. 1,020కి 670 కలిపితే 1,690. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం వేరు. ఇల్లంతటికీ ఉచితం పోయింది కాబట్టి ఈ బిల్లంతా ఆటో ఖాతాలోనే రాయాలి. అప్పుడు యూనిట్ ధర 9 రూపాయలకు పోతుంది.

వాహనాల ఛార్జింగ్ కేటగిరీలో వేరే మీటరు పెట్టుకుంటే యూనిట్ 6 రూపాయలు. ఇంటి ఉచితం కూడా నిలుస్తుంది. నెలకు 570 దాకా తేడా. కనెక్షన్ ఖర్చు ఎంతో కనుక్కుని, దాన్ని 570తో భాగించి చూసుకుంటే ఎన్ని నెలల్లో గిట్టుబాటవుతుందో తెలిసిపోతుంది. అద్దె ఇంట్లో ఓనరు యూనిట్‌కు 10 అడిగితే రోజుకు 72.

పెట్రోల్ ఆటో లీటరుకు 30 ఇస్తే 90 కిలోమీటర్లకు 3 లీటర్లు. లీటరు 108 వేసుకుంటే 324 రూపాయలు. ఇంటి మీటరుతో ఎలక్ట్రిక్‌కు 65. మిగులు 259. షోరూంలో చెప్పే లెక్క ఇక్కడితో ఆగుతుంది. నేను ఆగనివ్వలేదు, ఎందుకంటే బ్యాటరీ ఏదో ఒకరోజు మార్చాలి. యూనిట్‌కు 14 వేల చొప్పున 9.2 బ్యాటరీకి 1.29 లక్షలు, ఆరేళ్లు వస్తుందనుకుంటే రోజుకు 69 పక్కన పెట్టాలి. అప్పుడు చేతిలో మిగిలేది 190. అందులోంచే కొత్త బండి లోన్‌కు ఎక్కువ కట్టేది కూడా పోతుంది. ఇంజిన్ ఆయిల్ ఖర్చు తప్పుతుంది, అది చిన్నదే.

మా వాడు 9.2దే తీసుకున్నాడు. వేరే మీటరు సంగతి తర్వాత చూద్దామన్నాడు. ప్లగ్‌కు ముందు ఒక సబ్‌మీటర్ మాత్రం పెట్టించాను, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఛార్జింగ్ పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. లూజు ప్లగ్ గంటలకొద్దీ కాలితే ముందు నల్లబడుతుంది, ఆ తర్వాత కరుగుతుంది.

రెండో వారం ఫోన్: "30 శాతం చూపించి ఉన్నట్టుండి 12కి పడింది బావా, బ్యాటరీ పోయిందా?" పోలేదు. ఈ ఆటోలో ఉండే రకం లిథియం బ్యాటరీలో నిండుగా ఉన్నా సగం ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకటే. అందుకే రోజూ 80 దగ్గర ప్లగ్ తీసేస్తుంటే మీటరు అంచనా తప్పుతుంది. వారానికి ఒకసారి వంద దాకా ఎక్కనిచ్చి, ఇంకాసేపు అలాగే వదిలేయమన్నాను. సెల్స్ అన్నీ సమానమయ్యేది అప్పుడే. ఆ తర్వాత కూడా అలాగే పడిపోతుంటే ఒక సెల్ బలహీనమైనట్టు, వారంటీకి తీసుకెళ్లాలి. వాడిది రెండు ఫుల్ ఛార్జింగ్‌లకే సర్దుకుంది.

మొదటి నెల సబ్‌మీటర్‌లో 203 వచ్చింది, నా లెక్క కన్నా 16 ఎక్కువ. తిరిగింది అదే 90 సగటు. టైర్లు చూస్తే వెనక రెండింటిలోనూ గాలి సగమే ఉంది.