రెండేళ్లుగా చేతికున్న వాచీ: మా ఇంటి వైఫై ఎందుకు పట్టలేదంటే

ఆపిల్ వాచ్ ఎస్‌ఈ రెండో తరం, సిమ్ లేని మోడల్, రెండేళ్లుగా వాడుతున్నాను. బ్యాటరీ, అడుగుల లెక్క బాగున్నాయి. నేను రాయాలనుకున్నది వైఫై గురించి.

నల్గొండలో మాది పాత రాతి గోడల ఇల్లు. అమ్మ వడియాలు పెడుతుంటే ఫోన్ కింద చార్జింగ్‌లో వదిలి బంగ్లా మీదికి వెళ్తాను. అంత దూరానికి బ్లూటూత్ అందదు. అప్పుడు వాచీ వైఫైకి మారాలి. మొదటి ఏడాదంతా సరిగ్గానే మారింది. నేను వాచీలో పాస్‌వర్డ్ ఎప్పుడూ కొట్టలేదు. బ్లూటూత్‌లో కలిసి ఉన్నప్పుడు ఫోన్ ఏ వైఫైకి కనెక్ట్ అయితే దాని పేరూ పాస్‌వర్డూ వాచీకి అందుతాయి. అంత చిన్న తెరమీద పాస్‌వర్డ్ కొట్టడం ఎంత కష్టమో తెలిసిందే కదా! పైగా 2018లో వాచ్‌ఓఎస్ 5 వచ్చేదాకా వాచీలోనే నెట్‌వర్క్ ఎంచుకునే వీలు కూడా లేదు.

కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించాక చిక్కు మొదలైంది. పైకి వెళ్తే చాలు, వాచీలో ఎర్రగా అడ్డగీత పడ్డ ఫోన్ బొమ్మ. మిర్యాలగూడ నుంచి తమ్ముడు పంపిన మెసేజ్ కిందికి దిగాకగానీ కనిపించలేదు. వాచీ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను.

వాచీ బాగానే ఉంది. కొత్త రౌటర్ రెండు పేర్లతో వస్తోంది, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి `Illu`, 5 గిగాహెర్ట్జ్‌కి `Illu_5G`. వేగంగా ఉంటుందని ఫోన్‌ను రెండోదానికే కలిపాను. వాచీకి అందింది ఆ పేరే. కానీ ఈ మోడల్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే పట్టగలదు, 5 గిగాహెర్ట్జ్ దానికి వినపడదు. సిరీస్ 6, ఆ తర్వాతి సిరీస్‌లకైతే ఈ ఇబ్బంది లేదు.

అందుకని వాచీ చేతికి ఉండగానే ఫోన్‌ను ఒకసారి `Illu`కి కలిపి, పాస్‌వర్డ్ కొట్టి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచాను. తర్వాత పరీక్షించడానికి బ్లూటూత్ ఆపాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో ఆపితే వాచీతో లింకు తెగదు. `Settings`లోకి వెళ్లి `Bluetooth` ఆపాలి. అలా ఆపిన కాసేపటికి వాచీలో వైఫై గుర్తు వచ్చింది. బ్లూటూత్ మళ్లీ పెట్టి, ఫోన్‌ను 5జీ పేరుకే మార్చుకున్నాను. వాచీ మాత్రం `Illu`ని మరిచిపోలేదు. 2.4 సిగ్నల్ గోడలు బాగా దాటుతుంది కాబట్టి బంగ్లా మీద ఇప్పుడు ఏ బాధా లేదు.

లాడ్జీల్లో, కాలేజీల్లో ఉన్నట్టు పేజీ తెరిచి లాగిన్ కావాల్సిన వైఫైకి మాత్రం ఇది కలవదు. ఫోన్‌లో ఆ పేరు సేవ్ అయి ఉన్నా లాభం లేదు. ఊళ్లకు వెళ్లినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచుకుంటున్నాను.