ఐపీస్ మీద ఆ 18 అంకె: సెకండ్‌హ్యాండ్ స్టూడెంట్ మైక్రోస్కోప్ చాలా కాలం వాడాక

ఈ మైక్రోస్కోప్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది డబ్బా మీదున్న 600ఎక్స్ గురించి కాదు, కన్ను పెట్టి చూసే ఐపీస్ అంచున చిన్నగా చెక్కి ఉన్న "డబ్ల్యూఎఫ్10ఎక్స్/18" గురించి. అందులోనూ ఆ గీత తర్వాత ఉన్న 18 గురించి. నాకు ఇంత పనికొచ్చిన అంకె ఆ మొత్తం వస్తువు మీద ఇంకోటి లేదు, అమ్మేవాళ్లు మాత్రం దాని మాటే ఎత్తరు.

చెన్నైలో ప్యారిస్ కార్నర్ సందుల్లో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపులో కొన్నాను, మా అక్క కూతురు ప్లస్ వన్‌లో బయాలజీ తీసుకుంది, దాని కోసం. కింద అద్దం, ఒకే కన్నుతో చూసేది, స్లైడ్ వైపు ఉండే 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు, మీకు తెలిసిన మామూలు కాలేజీ మోడలే. ఐపీస్‌లు రెండిచ్చారు, హెచ్10ఎక్స్, హెచ్15ఎక్స్. షాపాయనకి తెలుగు బాగానే వచ్చు, "15 పెట్టి చూడండి సార్, ఇంకా పెద్దగా కనిపిస్తది" అన్నాడు. పెద్దగా కనిపిస్తుంది, నిజమే. కానీ 40 ఆబ్జెక్టివ్ మీద 0.65 అని ఉంటుంది చూడండి, ఎంత సన్నటి వివరం విడివిడిగా కనపడుతుందో తేల్చేది అదే, ఆ లెక్కన మైక్రాన్‌లో సుమారు సగం. ఆ అంకెని వెయ్యితో గుణిస్తే 650, దాన్ని దాటి పెద్దది చేసినా కొత్తగా ఏమీ రాదు. 40 ఇంటూ 15 అంటే 600, హద్దు దాటలేదు గానీ అంచు మీద ఉంది, పైగా ఇందులో వెలుగుని స్లైడ్ మీదకి కూడగట్టే కండెన్సర్ లేదు, ఉత్త అద్దం, అందుకని 0.65 పూర్తిగా పని చెయ్యదు. నేను చూసింది మసక మసగ్గా, చీకటిగా ఉన్న పెద్ద బొమ్మ. 10 పెట్టి చూస్తేనే అదే కణం శుభ్రంగా ఉంది.

ఇక హెచ్ అంటే హైగెన్స్ ఐపీస్, రెండు మామూలు కటకాలు, చవక. కన్ను దాదాపు ఆనించాలి, నాకు కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి తీసి చూడాల్సిందే. అది పడక, కొన్నాళ్లకి డబ్ల్యూఎఫ్10ఎక్స్/18, అంటే వైడ్ ఫీల్డ్ రకం, ఒకటి విడిగా కొన్నాను. గొట్టం లోపలి కొలత 23.2 మిల్లీమీటర్లు, పాత స్టాండర్డ్, కాబట్టి సరిగ్గా కూర్చుంది, 30 మిల్లీమీటర్ల ఐపీస్‌లు దీనికి పట్టవు, కొనేముందు అది చూసుకోవాలి.

అసలు సంతోషం ఇక్కడ. 18 అంటే ఫీల్డ్ నంబర్, మిల్లీమీటర్లలో. దాన్ని ఆబ్జెక్టివ్ అంకెతో భాగిస్తే మీరు చూస్తున్న గుండ్రటి వెలుగు నిజంగా స్లైడ్ మీద ఎంత వెడల్పో వచ్చేస్తుంది. 4 పెడితే 4.5 మిల్లీమీటర్లు, 10కి 1.8, 40కి 0.45. నేను చెక్కిన అంకెని ఊరికే నమ్మలేదు, చవక వాటి మీద ఏమైనా కొడతారు, అందుకని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలుని స్టేజ్ మీద పెట్టి 4తో చూశాను, మిల్లీమీటర్ గీతలు నాలుగు దాటి ఇంకో సగం, సరిగ్గా 4.5. అదే స్కేలు మీద హెచ్10ఎక్స్‌తో సుమారు 3.3 వచ్చింది, అంటే దాని ఫీల్డ్ నంబర్ 13. రెండూ 10ఎక్స్‌లే, పెద్దది చెయ్యడంలో తేడా లేదు, కానీ చూసే చోటు వైశాల్యం దాదాపు రెట్టింపు. హెచ్ ఐపీస్ విప్పి లోపలి రింగుని కొలిచి ఇదే ఫీల్డ్ నంబర్ అనుకోకండి, ఆ రింగు రెండు కటకాల మధ్యలో ఉంటుంది, కింది కటకం బొమ్మని ముందే చిన్నది చేసేస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది, స్కేలుతోనే కొలవాలి.

ఆ తర్వాత మా పిల్ల ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలో పారమీషియం పట్టింది. 10 ఆబ్జెక్టివ్‌లో ఆ గుండ్రం ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు ఏడు పారమీషియంలు వరసగా పడతాయని అంచనా వేసింది, 1800 మైక్రాన్లని ఏడుతో భాగిస్తే 257. పుస్తకంలో 200 నుంచి 300 అని ఉంది. "మామయ్యా, మనమే కొలిచాం" అని అది ఎంత సంబరపడిందో, నేనూ అంతే. ఉల్లిపొర కణం 40లో సగం గుండ్రం పట్టింది, అంటే 225 దాకా. రక్తపు చుక్క పూత పూసి చూస్తే ఒక్కో ఎర్రకణం గుండ్రం వెడల్పులో అరవయ్యో వంతు ఉండాలి, అంత చిన్నదాన్ని కంటితో అంచనా కట్టడం కష్టం, అక్కడికి ఈ పద్ధతి ఆగిపోతుంది, గీతలున్న ఐపీస్ స్కేల్ కావాలి.

ఈ ఊపులో అదే వీధిలో కె10ఎక్స్ అని రాసున్న పాత ఐపీస్ ఒకటి దొరికితే, మంచి గాజు అని చెప్తే తీసుకొచ్చాను. కె అని కొందరు కెల్నర్ అనే మామూలు రకానికి వేస్తారు, కొందరు రంగుల దోషం సరిదిద్దే కాంపెన్సేటింగ్ రకానికి వేస్తారు, అక్షరం చూస్తే తేలదు. 4తో స్కేలు గీతలు చూస్తే మధ్యలో నల్లగానే ఉన్నాయి, అంచుకి వచ్చేసరికి ఒక పక్క ఎర్రటి అంచు, ఇంకో పక్క నీలం. 10తోనూ అంతే, 40లో మాత్రం అంతగా తెలియలేదు. ఇదేంటో తేల్చుకోవడానికి ఐపీస్‌ని బయటికి తీసి కిటికీ వెలుగు వైపు పట్టుకుని లోపలి గుండ్రం అంచు చూశాను, పసుపు-నారింజ రంగు. హెచ్10ఎక్స్ పట్టుకుంటే అదే అంచు నీలంగా ఉంది. దాంతో తేలిపోయింది, ఇది కాంపెన్సేటింగ్. ఖరీదైన పాత ఆబ్జెక్టివ్‌లు కొన్ని నీలం బొమ్మని ఎరుపు కంటే కాస్త పెద్దగా వేస్తాయి, ఈ ఐపీస్ దాన్ని తిరగదిద్దుతుంది. మన స్టూడెంట్ 4, 10 ఆబ్జెక్టివ్‌లకి ఆ దోషం లేదు, లేని జబ్బుకి మందు వేసినట్టు అయింది. గాజు మంచిదే, దీనికి జోడీ కాదు. తిరిగిస్తానంటే షాపువాళ్లు తీసుకోలేదు, అది నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, అమ్మేముందు ఒక్కసారి కిటికీ వైపు పట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది.

డబ్ల్యూఎఫ్ గురించి పైన అంత పొగిడాను గానీ ఒకటి చెప్పాలి, 18 వెడల్పంతా పదునుగా ఉండదు. ఆబ్జెక్టివ్‌ల మీద ప్లాన్ అని, అంటే బొమ్మని అంచు దాకా చదునుగా ఇచ్చే రకమని, లేదు కాబట్టి 40లో మధ్య మూడింట రెండొంతులు బాగుంటే అంచు మసకేస్తుంది, ఫోకస్ కొంచెం తిప్పితే అంచు వచ్చి మధ్య పోతుంది. కొలవడానికి అంచు గీత కనపడితే చాలు కాబట్టి నాకు ఇబ్బంది లేదు, ఫొటోలు తీసేవాళ్లకి చిరాకే. కళ్లద్దాలతోనూ హెచ్ కంటే చాలా నయం కానీ మొత్తం గుండ్రం ఒకేసారి కనపడదు, పైన కళ్లద్దాల బొమ్మ చెక్కి ఉన్న ఐపీస్‌లు అందుకే వేరేగా ఉంటాయి, అది ఇంకా కొనలేదు.

మా ఇంటి వరకు, ప్లస్ టూ దాకా ఉల్లిపొర, ఆకు పొరలో పత్రరంధ్రాలు, చెరువు నీళ్లలో ప్రాణులు, రక్తకణాల ఆకారం, వీటికి ఈ మైక్రోస్కోప్, ఆ డబ్ల్యూఎఫ్ ఐపీస్ సరిపోయాయి. బ్యాక్టీరియా చూడాలనుకునేవాళ్లకి ఇది వద్దు, వాళ్లకి కండెన్సర్, 100/1.25 ఆయిల్ ఆబ్జెక్టివ్ ఉన్నది కావాలి, హెచ్15ఎక్స్ పెట్టినంత మాత్రాన ఆ పని అవ్వదు. మీకు కళ్లద్దాలు లేకపోతే, కొలతలతో పని లేకపోతే హెచ్10ఎక్స్‌తోనే నడిచిపోవచ్చేమో, మా పిల్ల కూడా చెరువు నీళ్లప్పుడు తప్ప మిగతా రోజులు దానితోనే చూస్తుంది.