గోక్కునే కుక్క ఫొటో చూసి ఏమనుకోవాలి: ఫ్లీ పురుగులా, ఎలర్జీయా, ఫంగసా?

కుక్క ఒంటి మీద బొచ్చు ఊడిన ఫొటో పంపేవాళ్లలో చాలామంది అడిగే మాట "ఇది ఫంగసే కదండీ?" అనే. బొచ్చు పోయి చర్మం గుండ్రంగా బయటపడితే ఎవరికైనా తామరే గుర్తొస్తుంది, మనుషుల ఒంటి మీద తామర అలాగే కనిపిస్తుంది కాబట్టి. కానీ ఎదిగిన కుక్క అదేపనిగా గోక్కుంటూ ఉంటే ఈ మూడింట్లో నేను ఫంగస్‌ని చివరన పెడతాను. కుక్కల్లో తామరకి చాలాసార్లు దురదే ఉండదు, ఉన్నా కొద్దిగానే. మచ్చ ఆకారం కంటే అది ఒంటి మీద ఎక్కడ ఉందనేదే ఎక్కువ చెబుతుంది. అందుకే దగ్గర నుంచి తీసిన ఒక్క మచ్చ ఫొటో కన్నా, కుక్క మొత్తం కనిపించేలా పైనుంచి తీసిన మామూలు ఫొటోనే నాకు ఎక్కువ పనికొస్తుంది.

బొచ్చు పలచబడిన చోటు నడుము నుంచి తోక మొదలు దాకా, అక్కడి నుంచి తొడల వెనక వైపుకి దిగితే ముందుగా అనుమానించాల్సింది ఫ్లీ పురుగుల్ని. ఇవి గోమార్లు కావు. గోమారి చర్మానికి అతుక్కుని ఉబ్బి కనిపిస్తుంది. ఫ్లీ మాత్రం గోధుమరంగులో, పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉండి, బొచ్చులో పరుగెత్తుతుంది, ఎగిరి దూకుతుంది. ఫొటోలో అది దొరకడం దాదాపు జరగని పని. "పురుగు ఒక్కటీ కనిపించలేదండీ, కాబట్టి అవి కావు" అనే మాటని అందుకే నేను లెక్కలోకి తీసుకోను. ఈ పురుగు ఉమ్మి పడని కుక్కకి నాలుగు కాట్లు చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. అలాంటి కుక్కే ఎక్కువగా కొరుక్కుంటుంది, నాక్కుంటుంది, ఆ క్రమంలో దొరికిన పురుగుల్ని మింగేస్తుంది కూడా. అంటే దురద బాగా ఎక్కువున్న కుక్క ఒంటి మీదే పురుగులు తక్కువ కనిపించవచ్చు.

పురుగు దొరక్కపోయినా దాని పెంట దొరుకుతుంది. తోక మొదట్లో బొచ్చు విడదీసి చూస్తే వెంట్రుకల కుదుళ్ల దగ్గర మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు ఉంటాయి. అది మట్టా, పురుగు పెంటా అన్నది ఫొటోలో తేలదు, కానీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పేల దువ్వెనతో ఆ చోట దువ్వి, వచ్చిన నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద దులిపి కాసేపు ఆగాలి. నలుసు చుట్టూ తుప్పురంగు ఎరుపు పాకితే అది అరిగిన రక్తం, అంటే ఫ్లీ పెంట. మట్టయితే మట్టిరంగులోనే ఉండిపోతుంది. ఫొటోలు ఎన్ని పంపినా ఈ చిన్న పరీక్ష చెప్పినంత చెప్పవు.

ఇక ఎలర్జీ. ఫ్లీ కాటుకి వచ్చేది కూడా ఎలర్జీయే కాబట్టి ఈ రెంటి మధ్య గోడ మరీ గట్టిదేం కాదు. ఇక్కడ నేను ఎలర్జీ అంటున్నది గాలిలోని పుప్పొడి, దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులు, లేదా తిండిలో పడని మాంసకృత్తుల వల్ల వచ్చేదాన్ని. అది ముఖం, చెవి లోపలి భాగం, చంకలు, పొట్ట, గజ్జలు, ముఖ్యంగా ముందు పాదాలని పట్టుకుంటుంది. నడుము మీద మాత్రం సాధారణంగా అంత బాధ ఉండదు. ఫొటోలో నేను మొదట చూసేది కాలివేళ్ల మధ్యనే. తెల్లబొచ్చు లేదా లేతరంగు కుక్కయితే అక్కడ బొచ్చు ఇటుకరంగుకి తిరిగి ఉంటుంది. ఎడతెగకుండా నాకడం వల్ల ఉమ్మి మరక అలా పడుతుంది. చాలా కుక్కల్లో ముందు దురద మొదలై, చర్మం మీద మార్పులు తర్వాత వస్తాయి. అందుకే "ఫొటోలో ఏమీ లేదు కానీ రాత్రంతా పాదాలు నాకుతూనే ఉంటుంది" అని ఎవరైనా చెబితే ఎలర్జీ వైపు మొగ్గుతాను.

వయసు కూడా అడగాలి. గాలిలోని వాటి వల్ల వచ్చే ఎలర్జీ చాలా కుక్కల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య మొదలవుతుంది. ఎనిమిదేళ్లు ఏ దురదా లేకుండా గడిపిన కుక్కకి హఠాత్తుగా మొదలైతే కారణం వేరే చోట వెతకాలి. తిండి ఎలర్జీ మాత్రం ఏ వయసులోనైనా రావచ్చు. అది తిండి వల్లా, గాలి వల్లా అన్నది ఏ ఫొటోలోనూ తెలియదు. దాన్ని తేల్చాలంటే డాక్టర్ సూచించిన ప్రత్యేక ఆహారం తప్ప మరేదీ పెట్టకుండా, బిస్కెట్ ముక్క కూడా లేకుండా, దాదాపు ఎనిమిది వారాలు చూడాల్సిందే.

ఫంగస్ అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఒకటి తామర. ఇది ఎక్కువగా కుక్కపిల్లల్లో కనిపిస్తుంది, ముఖం, చెవులు, ముందు కాళ్ల మీద. వెంట్రుకలు కుదుళ్లతో ఊడినట్టు కాక, కత్తెరతో మొదట్లో కత్తిరించినట్టు విరిగి, పైన బూడిదరంగు పొట్టు కట్టి ఉంటుంది. రెండోది ఈస్ట్. చంకల్లో, మెడ కింద, కాలివేళ్ల మధ్య చర్మం జిడ్డుగా, నల్లగా, మందంగా తయారవుతుంది, పులిసిన వాసన వస్తుంది. ఈస్ట్ తనంతట తాను మొదలవ్వడం తక్కువ. చాలాసార్లు దాని కింద ఎలర్జీయే ఉంటుంది. మందు వేస్తే తగ్గి, మానేస్తే నెలలో తిరిగి వచ్చే ఫంగస్‌కి అసలు కథ సాధారణంగా ఇదే.

మరి గుండ్రటి మచ్చల మాటేమిటి? ఎదిగిన కుక్కలో వాటికి తామర కన్నా బాక్టీరియా కారణమయ్యే అవకాశం ఎక్కువ. చిన్న చీముపొక్కు పగిలి, చుట్టూ చర్మం వలయంలా రేగి పొట్టుగా లేస్తుంది, మధ్యలో నల్లబడుతుంది. చూడ్డానికి అచ్చం తామరే. కానీ ఫంగస్ క్రీమ్ దాన్ని ఏమీ చేయదు.

ఒక కేసు చెబుతాను. లేత గోధుమరంగు, పొట్టి బొచ్చు, నాలుగేళ్ల కుక్క. వచ్చిన మొదటి ఫొటోలో కుడి తొడ మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ మాత్రమే ఉంది, అదీ ఫ్లాష్‌తో తీసినది. రెండు వారాలుగా ఫంగస్ క్రీమ్ రాస్తున్నారు, మార్పు లేదు. ఆ ఒక్క ఫొటోతో తేల్చమంటే నేనూ తామర అనే అవకాశాన్ని కొట్టిపారేయలేను. ఫ్లాష్ వెలుగులో చర్మం ఎర్రదనం వెలిసిపోతుంది కాబట్టి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఇంకొన్ని తీయమన్నాను: పైనుంచి నడుము మొత్తం, పొట్టా గజ్జలూ, ముందు కాలివేళ్ల మధ్య, చెవి లోపలా అంచులూ, తోక మొదట్లో బొచ్చు విడదీసి దగ్గరగా ఒకటి.

అవి వచ్చాక దిశ మారిపోయింది. కాలివేళ్ల మధ్య బొచ్చు తన సహజ రంగులోనే ఉంది, చెవులు శుభ్రంగా ఉన్నాయి. అంటే ఎలర్జీ కాస్త వెనక్కి జరిగింది. నడుము సగం నుంచి తోక దాకా బొచ్చు పలచబడి, చిన్న చిన్న చెక్కులు కట్టి ఉన్నాయి. విడదీసిన చోట నల్లటి నలుసులు. తడి కాగితం మీద అవి ఎర్రగా పాకాయి. తొడ మీది మచ్చ అంచున పొట్టు లేచి ఉంది, పక్కనే పగలని పొక్కు ఒకటి. కుక్కకి నెలనెలా మెడ మీద చుక్కల మందు వేస్తున్నామన్నారు, నిజమే. కానీ అదే ఇంట్లో ఉన్న పిల్లికి ఏ మందూ వేయడం లేదు. నా అంచనా ఫ్లీ ఎలర్జీ, దాని మీద కొరుక్కోవడం వల్ల చేరిన బాక్టీరియా. డాక్టర్ దగ్గర మచ్చ నుంచి తీసిన నమూనాని మైక్రోస్కోప్ కింద చూస్తే బాక్టీరియానే కనిపించింది.

ఇలాంటి చోట కుక్కకి ఒక్కదానికే ఒక్కసారి మందు వేసి, పది రోజులకి మళ్లీ పురుగు కనిపించిందని "ఇది ఫ్లీ కాదేమో" అనుకోవడం మామూలు. ఒంటి మీద తిరిగే ఎదిగిన పురుగులు మొత్తం ఫ్లీ సంఖ్యలో చిన్న వంతే. గుడ్లు, లార్వాలు, ప్యూపాలు చాపల్లో, పరుపుల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. ప్యూపా గూట్లో ఉన్నదాన్ని మందులు సరిగా చంపలేవు, అది వారాల తరబడి, పరిస్థితులు కుదిరితే నెలల తరబడి ఆగగలదు. అందుకని ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ కనీసం మూడు నెలలు వరసగా మందు పడాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి, మూలమూలలా వాక్యూమ్ చేయాలి. పిల్లికి పిల్లి మందే వాడాలి. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిట్లో ఉండే పర్మెథ్రిన్ పిల్లికి ప్రాణాంతకం. మాత్రల రూపంలో వచ్చే కొత్తరకం మందుల విషయంలో, కుక్కకి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. పురుగుల మీద ఇలా గట్టి పట్టు దొరికిన ఎనిమిది వారాల తర్వాత కూడా దురద తగ్గకపోతే, అప్పుడు ఎలర్జీ మొదటి స్థానానికి వస్తుంది.

ఫంగస్‌ని చివరన పెడతానన్నాను కానీ కొన్ని సందర్భాల్లో దాన్నే ముందు తేల్చుకోవాలి. అది కుక్కపిల్ల అయినా, మచ్చ ఉండి దురద లేకపోయినా, కొత్తగా పిల్లికూన ఇంటికొచ్చినా, ఇంట్లో ఎవరి చేతి మీదైనా తామర వలయం కనిపించినా ఆగకూడదు. తామర అయ్యే అవకాశం తక్కువే అయినా, అది మనుషులకి అంటుకుంటుంది. డాక్టర్ అతినీలలోహిత వెలుగు దీపంతో చూస్తారు, కొన్ని వెంట్రుకలు పీకి మైక్రోస్కోప్ కింద పెడతారు, కల్చర్‌కి పంపుతారు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. దీపం కింద ఆకుపచ్చగా మెరవలేదని తామర లేదనుకోకూడదు, కుక్కల్లో తామర తెచ్చే ఫంగస్‌లన్నీ అలా మెరవవు.

ఈ మూడింటి మధ్యే ఊగిసలాడితే జారిపోయేది గజ్జి. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమల దగ్గర బొచ్చు పోయి చెక్కు కట్టి, కుక్క నిద్ర కూడా పోకుండా గోక్కుంటుంటే దాన్ని అనుమానించాలి. ఎలర్జీలో చెవి లోపల ఎర్రబడుతుంది, గజ్జిలో అంచు పాడవుతుంది. ఇంట్లో వాళ్లకి చేతుల మీద, నడుము చుట్టూ దురద పొక్కులు వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఏదనుకున్నా, మనుషులకి వాడగా ఇంట్లో మిగిలిన క్రీమ్ మాత్రం ఫొటో తీసేలోపు రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఫ్లీ, ఎలర్జీ అయితే ఎర్రదనం కొన్నాళ్లు తగ్గి గుర్తులు చెరిగిపోతాయి, తామర అయితే లోలోపల పాకుతుంది. పైగా రాసిందంతా కుక్క నాకేస్తుంది. చర్మం తడిగా చీము కారుతున్నా, కుక్క నీరసపడి తిండి మానేసినా ఫొటోలతో కాలం గడపకూడదు. బాగా పురుగులు పట్టిన చిన్న కుక్కపిల్ల అయితే పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీరంగు పోయి తెల్లబడి ఉంటే పురుగులు రక్తం పీల్చేశాయని అనుమానించాలి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.