సగం దూరంలో వడి ఎంత? శక్తి లెక్క మేలా, కాల సమీకరణం మేలా?

మారతహళ్లిలో మా ఇంటి కర్టెన్ రాడ్‌కి నెల రోజులుగా ఒక స్ప్రింగు వేలాడుతోంది. ఎస్‌పీ రోడ్డులో కొన్నది. దాని కొసన అరకిలో కందిపప్పు ప్యాకెట్ కట్టాను. మా అక్క కూతురు ఫస్ట్ పీయూసీ చదువుతోంది. పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అబ్బాయిదీ అదే క్లాసు. సాయంత్రం ఇద్దరూ పుస్తకాలు పట్టుకుని వస్తారు. సరళ హరాత్మక చలనం దగ్గర ఇద్దరికీ వాదన మొదలైంది. ఆ అబ్బాయి ప్రతి లెక్కా శక్తితో చేస్తాడు, మా అమ్మాయి ప్రతి లెక్కా x = A sin ωt తో మొదలుపెడుతుంది. "పిన్నీ, ఏది కరెక్టో నువ్వే చెప్పు" అంది. రెండూ కరెక్టే. ఏ ప్రశ్నకు ఏది మేలన్నదే అసలు విషయం.

ముందు స్ప్రింగు సంగతి. అరకిలో కడితే 10 సెంటీమీటర్లు సాగి నిలిచింది. g ని 10 గా తీసుకుంటే బరువు 5 న్యూటన్లు, కాబట్టి బల స్థిరాంకం k = 50 N/m. ω² = k/m = 100, అంటే ω = 10. ప్యాకెట్‌ను నిలిచిన చోటు నుంచి ఇంకో 10 సెంటీమీటర్లు కిందికి లాగి వదిలితే అదే కంపన పరిమితి, A = 10 సెం.మీ. ఇంతకన్నా ఎక్కువ లాగొద్దు. పైకొసకు వెళ్లేసరికి స్ప్రింగు సరిగ్గా తన సహజ పొడవుకు వస్తుంది. అది దాటితే చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఆ తర్వాత అది సరళ హరాత్మకం కాదు.

మధ్య స్థానంలో వడి అన్నిటికన్నా ఎక్కువ: Aω = 100 సెం.మీ./సె. కొసలో సున్నా. మరి మధ్యకూ కొసకూ సరిగ్గా సగంలో, 5 సెంటీమీటర్ల దగ్గర, వడి ఎంత? మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది "సగం, 50" అంటారు. సగం దారి వచ్చింది కాబట్టి వడి కూడా సగం తగ్గి ఉంటుందని మనసుకు తోస్తుంది.

పక్కింటి అబ్బాయి పద్ధతిలో చూద్దాం. మొత్తం శక్తి ½kA². 5 సెంటీమీటర్ల దగ్గర స్థితిజ శక్తి ½k(A/2)², అంటే మొత్తంలో నాలుగో వంతే. దూరం సగమైతే దాని వర్గం పావు అవుతుంది కదా. మిగతా ముప్పావు గతిజ శక్తి. గతిజ శక్తి వడి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వడి గరిష్ఠ వడిలో √(3/4) వంతు, అంటే 0.866. మన ప్యాకెట్‌కు 86.6 సెం.మీ./సె. రెండు లైన్లలో తేలిపోయింది. దీన్నే ఎప్పటికీ పనికొచ్చేలా రాస్తే ఇలా ఉంటుంది:

v = ω√(A² − x²)

మా అమ్మాయి పద్ధతిలోనూ ఇదే జవాబు వస్తుంది. A/2 = A sin ωt కాబట్టి ωt అంటే 30 డిగ్రీలు. v = Aω cos 30° = 86.6. ఇందులో ఒక మెట్టు ఎక్కువ: ముందు కోణం కనుక్కోవాలి, తర్వాత దాని కొసైన్ తీయాలి. 30, 45, 60 డిగ్రీలకు ఇబ్బంది లేదు. x = 0.6A అని అడిగితే మాత్రం కాలిక్యులేటర్ తీయాల్సిందే. శక్తి లెక్కలో √(1 − 0.36) = 0.8, అయిపోయింది.

దూరం ఇచ్చి వడి అడిగినా, వడి ఇచ్చి దూరం అడిగినా, ప్రశ్నలో కాలం ప్రస్తావనే లేకపోతే నా ఓటు శక్తి లెక్కకే. ఎందుకో చెప్పడానికి ఇంకో రెండు ప్రశ్నలు చూద్దాం. గతిజ, స్థితిజ శక్తులు సమానంగా ఉండేది ఎక్కడ? స్థితిజ శక్తి సగం కావాలి, కాబట్టి x² = A²/2, x = 0.707A, మనకు 7.07 సెం.మీ. వడి సగమయ్యేది ఎక్కడ? అప్పుడు గతిజ శక్తి పావు, స్థితిజ శక్తి ముప్పావు, x = 0.866A, అంటే 8.66 సెం.మీ. దూరం సగం, శక్తి సగం, వడి సగం: ఇవి మూడు వేర్వేరు చోట్లు. పరీక్షలో పిల్లలు కలిపేసేది ఈ మూడింటినే. శక్తి పద్ధతిలో "దేని వాటా ఎంత" అని ముందు రాసుకుంటారు కాబట్టి ఆ గందరగోళం పెద్దగా రాదు. ప్యాకెట్ కొసకు ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి వెళ్లేదాకా సగానికి పైగా వడితోనే పోతుంది. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి చూస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది.

అయితే శక్తి పద్ధతి వాడేవాళ్లు పడే పెద్ద గుంట ఒకటుంది. మా స్ప్రింగు వేలాడుతున్నదే కాబట్టి ఆ అబ్బాయి కూడా అందులో పడ్డాడు. ప్యాకెట్ నిలిచిన చోటుకు 5 సెంటీమీటర్ల కింద వడి ఎంతని అడిగాను. స్ప్రింగు సాగింది ఎంతో చూసుకున్నాడు. సహజ పొడవు నుంచి అక్కడ 15 సెంటీమీటర్లు, కింది కొసన 20. స్ప్రింగు శక్తి కింది కొసన ½ × 50 × 0.2² = 1 జౌలు, 5 సెంటీమీటర్ల దగ్గర ½ × 50 × 0.15² = 0.5625 జౌలు. తేడా 0.4375 జౌలు మొత్తం గతిజ శక్తి అనుకున్నాడు. దాని నుంచి వడి తీస్తే 132 సెం.మీ./సె. వచ్చింది.

"ఆంటీ, ఎక్కడో తప్పుంది, గరిష్ఠ వడే 100 కదా" అని తనే ఆగాడు. ఆ అనుమానం రావడం నాకు జవాబు రావడం కన్నా సంతోషం కలిగించింది. వచ్చిన వడి Aω ని దాటిందంటే ఎక్కడో ఒక శక్తిని వదిలేశామన్నమాట. ఇక్కడ వదిలింది భూమ్యాకర్షణను. ప్యాకెట్ కింది కొస నుంచి 5 సెంటీమీటర్లు పైకి లేచింది, దానికి mgh = 0.5 × 10 × 0.05 = 0.25 జౌలు ఖర్చయింది. 0.4375 లోంచి అది తీసేస్తే 0.1875 జౌలు, వడి 86.6. పాత జవాబే.

ఇక్కడ రెండు దారులున్నాయి. సహజ పొడవు నుంచి కొలిస్తే స్ప్రింగు శక్తితో పాటు mgh ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిలిచిన చోటు నుంచి, అంటే సమతాస్థితి నుంచి, x కొలిస్తే mgh ని విడిగా తలవనక్కర్లేదు. ఆ చోటును బట్టి రాసుకున్న ½kx² లోనే అది కలిసిపోయి ఉంటుంది. రెండూ సగం సగం కలిపితేనే తప్పు. నేను పిల్లల చేత రెండో దారే పట్టిస్తాను, మొదటిది మాత్రం ఒక్కసారైనా పూర్తిగా చేయిస్తాను. x = A sin ωt మొదటి నుంచీ సమతాస్థితి నుంచే కొలుస్తుంది కాబట్టి మా అమ్మాయికి ఈ గుంట ఎదురే కాలేదు. ఇక్కడ ఆమె పద్ధతిదే పైచేయి.

అలాగని కాల సమీకరణానికి గుంటలు లేవని కాదు. ఆమె మధ్య నుంచి A/2 కి పట్టే కాలం కట్టమంటే 30 ని ω = 10 తో భాగించి 3 సెకన్లు అని రాసింది. ఒక పూర్తి ఊపుకు పట్టే కాలమే 2π/10 = 0.63 సెకను. 30 డిగ్రీలను రేడియన్లలోకి, π/6 లోకి, మార్చడం మరిచిపోయింది. మారిస్తే 0.052 సెకను, ఆవర్తన కాలంలో పన్నెండో వంతు. కాలం ఎంత వచ్చినా T పక్కన పెట్టి చూస్తే ఈ తప్పు దొరికిపోతుంది.

శక్తి లెక్క చెప్పలేనివి కూడా చూడాలి. మన తెలుగు పుస్తకాలు వడి, వేగం అని రెండు మాటలు వాడతాయి, ఆ తేడా ఇక్కడ బాగా పనికొస్తుంది. శక్తి ఇచ్చేది వడి మాత్రమే. 5 సెంటీమీటర్ల దగ్గర ప్యాకెట్ పైకి పోతోందా కిందికి వస్తోందా అన్నది అది చెప్పదు, వర్గంలో గుర్తు పోతుంది కాబట్టి. వడి 86.6 అని ఇచ్చి చోటు అడిగినా, పైన 5 సెంటీమీటర్లో కింద 5 సెంటీమీటర్లో తేలదు. కాల సమీకరణంలో దశ తెలిస్తే రెండూ తెలుస్తాయి.

ఇంకో సంగతి వీడియోలోంచి కొలిచినప్పుడు తెలిసింది. వడి కొలిచి దాని నుంచి చోటు కట్టడం మధ్య దగ్గర అసలు నమ్మదగ్గది కాదు. వడి గరిష్ఠంలో 99 శాతం అయితే x = 0.14A. 98 శాతం అయితే 0.20A. కొలతలో ఒక్క శాతం తేడాకు చోటు 1.4 నుంచి 2 సెంటీమీటర్లకు జరిగింది. మధ్య దగ్గర వడి దాదాపు మారదు కాబట్టి దాని నుంచి చోటు చెప్పడం కష్టం. చోటు కొలిచి వడి కట్టడమే అక్కడ మంచిది. కొసల దగ్గర ఇది తలకిందులవుతుంది.

రెండు పద్ధతులకూ ఉన్న హద్దు గాలి, స్ప్రింగు లోపలి రాపిడి. కాసేపటికి A 10 నుంచి 9 కి తగ్గిందనుకోండి. మొత్తం శక్తి 81 శాతానికి పడిపోతుంది. అప్పుడు కూడా 5 సెంటీమీటర్ల దగ్గర 86.6 అంటే తప్పు. 10√(81 − 25) = 75 సెం.మీ./సె. దగ్గర ఉంటుంది. ఆ ఊపులో కొస ఎక్కడుందో చూసి ఆ A నే పెట్టాలి.

చివరికి వాదన తెగింది ఈ ప్రశ్న దగ్గర. ప్యాకెట్ సమతాస్థితికి 5 సెంటీమీటర్ల కింద ఉండి పైకి కదులుతోంది. మధ్య దాటి 5 సెంటీమీటర్ల పైకి చేరడానికి ఎంత సేపు? అబ్బాయి వెంటనే రెండు చోట్లా వడి 86.6 అని రాశాడు, మధ్యలో 100 అని కూడా రాశాడు, అక్కడ ఆగిపోయాడు. వడి దారిపొడవునా మారుతోంది, కాబట్టి ఏ ఒక్క వడితో భాగించినా సరైన కాలం రాదు. మా అమ్మాయి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసింది. మధ్య గీతకు 5 కింద ఒక చుక్క, 5 పైన ఒక చుక్క. కేంద్రం దగ్గర ఒక్కోదానికి 30, మొత్తం 60 డిగ్రీలు. పూర్తి చుట్టులో ఆరో వంతు, 0.105 సెకను.

ఆ అబ్బాయి అదే వృత్తం మీద పై చుక్క నుంచి మధ్య గీత మీదికి నిలువు గీత గీశాడు. లంబకోణ త్రిభుజం ఏర్పడింది: కర్ణం A, నిలువు భుజం x. అడ్డ భుజాన్ని చూసి "ఆంటీ, ఇది √(A² − x²) కదా, ω తో గుణిస్తే నా వడే" అన్నాడు.