అటల్ పెన్షన్ యోజన: పదేళ్లు కట్టిన ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ అనుభవం

నేను రాజమహేంద్రవరంలో పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీస్తాను. 2015 చివర్లో, ముప్పై ఏళ్ల వయసులో, అరవై దాటాక నెలకు ఐదువేలు వచ్చే అటల్ పెన్షన్‌లో చేరాను. అప్పటి నుంచి నెలకు 577 రూపాయలు నా పొదుపు ఖాతా నుంచి వాటంతట అవే వెళ్తున్నాయి. పథకం గురించి అందరికీ తెలిసిన మాటలు మళ్లీ చెప్పను. నాకున్న కోపమంతా ఈ ఆటో డెబిట్ మీదే. అది నెలజీతం వచ్చేవారి క్యాలెండర్‌ను అనుసరిస్తుంది, నా ఆదాయమేమో పంచాంగాన్ని అనుసరిస్తుంది.

2023లో ఆషాఢం ముగిసిన వెంటనే అధిక శ్రావణం వచ్చింది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు మధ్య వరకు ఒక్క ముహూర్తం కూడా లేదు. అంతకు ముందే లెన్సు బాగుచేయించడంతో ఖాతా ఖాళీ అయి, జూన్, జూలై, ఆగస్టు కిస్తీలు మూడూ తప్పాయి. నిజ శ్రావణం మొదలయ్యాక ఒక పెళ్లివారు ఐదువేలు అడ్వాన్సు పంపారు. అందులో నాలుగువేలు డ్రోన్ అబ్బాయికి మరునాడే ఇస్తానని మాట ఇచ్చాను. తెల్లవారి చూసుకుంటే ఖాతాలో మూడువేల రెండువందల చిల్లర మాత్రమే ఉంది. మూడు కిస్తీలకు 1,731 రూపాయలు, దానిపై ఆలస్య రుసుము, అన్నీ ఒకేసారి తీసేసుకున్నారు. బ్యాంకులో అడిగితే, "బాకీ ఉంటే తర్వాతి తేదీ దాకా ఆగదండీ, డబ్బు పడగానే తీసుకుంటుంది" అన్నారు. నిబంధన నిజంగా అదే, నేనే చదవలేదు. రుసుము పెద్దదేమీ కాదు. వంద రూపాయల కిస్తీకి ఆలస్యమైన ప్రతి నెలకూ ఒక రూపాయి చొప్పున, నాకు పాతిక రూపాయలకు మించలేదు. కానీ ఆ అబ్బాయి ముందు మాట తప్పినవాడిగా నిలబడవలసి రావడం ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ తర్వాత ఆరు నెలలకొకసారి కట్టే పద్ధతికి మారాలని ఆలోచించాను. నా వయసులో చేరినవారికి అది 3,405 రూపాయలు, అంటే నెలనెలా కడితే ఆరు నెలలకయ్యే 3,462 కంటే 57 రూపాయలు తక్కువ. అయితే ఆ ఒక్క కిస్తీ గడ్డునెలలో పడితే ఇంకా పెద్ద మొత్తం ఒకేసారి బాకీ అవుతుందని మానుకున్నాను. దానికి బదులు పెళ్లివారి డబ్బు, ఫోన్ చెల్లింపులు అన్నిటినీ వేరే బ్యాంకు ఖాతాకు మార్చి, పాత ఖాతాను పెన్షన్‌కే వదిలేశాను. మాఘం పెళ్లిళ్లు అయ్యాక ఒకసారి, వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్లు అయ్యాక మరోసారి, ఒక్కోసారి 3,500 అందులో వేస్తాను. ఖాతాలో కనీస నిల్వ ఉండాలంటే అది దీనికి అదనంగా చూసుకోవాలి. ఇంతవరకు మళ్లీ ఒక్క కిస్తీ తప్పలేదు.

చేరిన కొత్తలో ఈ పథకాన్ని మా తోటివాళ్లందరికీ గట్టిగా చెప్పాను. యజమాని వాటా అనేది మా బతుకుల్లో లేదు గనుక, ఐదేళ్లపాటు ఏడాదికి గరిష్ఠంగా వెయ్యి రూపాయలు ప్రభుత్వం కలుపుతుందనడం మాకు పెద్ద మాటగా తోచింది. ఆ కలిపే కాలం 2019-20తో ముగిసింది, అరవై నిండకముందే స్వచ్ఛందంగా బయటికొస్తే ఆ వాటా మనకు రాదు. నా తర్వాత నా భార్యకు అదే పెన్షన్ వస్తుందనే భరోసా మాత్రం ఇప్పటికీ నాకు అన్నిటికంటే విలువైనదే. ఐదువేల గురించి అంత ధీమాగా చెప్పలేను. ధరలతోపాటు ఆ అంకె పెరగదు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగాయనుకుంటే, 2045లో నా చేతికొచ్చే ఐదువేలు నేను చేరిననాటి దాదాపు 870 రూపాయలకు సమానం. అందుకే పక్కన జాతీయ పెన్షన్ పథకంలో కూడా ఖాతా తెరిచాను. అక్కడ నెల తేదీ అంటూ లేదు. ఒక్కోసారి కనీసం ఐదువందలు, ఏడాదికి కనీసం వెయ్యి వేస్తే చాలు. పెళ్లి డబ్బు వచ్చిన రోజునే వేయగలగడం నా పనికి బాగా సరిపోయింది, కానీ అక్కడ ఇంత వస్తుందనే హామీ లేదు.

మాకు సొంత ఇల్లుంది, నా భార్య బట్టలు కుడుతుంది, నేను ముప్పైలోనే చేరాను. ఈ మూడూ ఉన్నందువల్ల నాకు ఇది సరిపోయిందని చెబుతున్నాను. నలభైలో చేరితే అదే ఐదువేలకు నెలకు 1,454 కట్టాలి. మొన్న అడిగిన మా మిత్రుడికి ముప్పై ఆరేళ్లే అయినా ఆదాయపు పన్ను కడుతున్నాడు. 2022 అక్టోబరు 1 నుంచి అలాంటివారికి ఇందులో చేరే వీల్లేదు గనుక, అతనికి జాతీయ పెన్షన్ ఖాతా ఒక్కటే తెరిపించాను.