‘7 రోజులు ఉచితం’ అన్న బడ్జెట్ యాప్ వల్ల నా బండి ఈఎంఐ బౌన్స్ అయింది, జాగ్రత్త

నెలాఖరులో చేతిలో డబ్బు ఆడనప్పుడు ఫోన్‌లో ఒక రకం ప్రకటనలు ఎక్కువగా కనబడతాయి. నాకు 28వ తేదీ రాత్రి రూమ్‌లో పడుకుని రీల్స్ చూస్తుంటే వచ్చింది. “జీతం 1న పడి 10కల్లా ఖాళీ అవుతోందా? మీ ప్రతి రూపాయికీ లెక్క మేం చూస్తాం. 10 సెకన్లలో మొదలు. 7 రోజులు ఉచితం. తర్వాత రోజుకు 4 రూపాయలే.” కింద Install అని బటన్. నా పరిస్థితి అచ్చం అదే కాబట్టి నొక్కేశాను. యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇవే మాటలతో ఇంకా చాలా యాప్‌ల ప్రకటనలు తిరుగుతున్నాయి. పేరు కన్నా ఆ మాటల వెనక ఏముందో తెలుసుకుంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు డబ్బు ఎలా పోయిందో చెప్తాను. యాప్ తెరవగానే ఫోన్ నంబర్ అడిగింది, ఓటీపీ కొట్టాను. తర్వాత “మీ ఉచిత ట్రయల్ మొదలుపెట్టండి” అని పెద్ద ఆకుపచ్చ బటన్ వచ్చింది. అది నొక్కితే నా యూపీఐ యాప్ తెరుచుకుంది. పైన పెద్ద అక్షరాల్లో ₹1 అని ఉంది. ఉచితం అన్నారు కదా, రూపాయి ఎందుకు అనుకున్నాను. బ్యాంకు ఖాతా సరిచూసుకోవడానికేమో, రూపాయే కదా అని పిన్ కొట్టేశాను. నేను చేసిన తప్పు అదే. నేను కొట్టింది రూపాయి చెల్లింపుకు కాదు, ఆటోపే మ్యాండేట్‌కు. అంటే నా ఖాతాలోంచి వాళ్లంతట వాళ్లు డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతికి.

ఆ స్క్రీన్ మీద రూపాయి కింద ఇంకో నాలుగు వరుసలు ఉంటాయి. తర్వాత తీరిగ్గా చూస్తే నా మ్యాండేట్‌లో ఇలా ఉంది: మొత్తం Upto ₹1,499. ఎంత తరచుగా అన్నచోట As presented, అంటే కంపెనీ ఎప్పుడు అడిగితే అప్పుడు. చెల్లుబాటు గడువు 2050 దాటి ఉంది. డబ్బు అందుకునే వారి పేరుగా ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరుంది, అందులో యాప్ పేరు ఎక్కడా లేదు. పిన్ కొట్టే ముందు ఈ నాలుగూ కనబడ్డాయి. నా కళ్లు మాత్రం ఆ ₹1 దగ్గరే ఆగిపోయాయి.

‘రోజుకు 4 రూపాయలే’ అన్న మాట సంగతి కూడా అప్పుడే తెలిసింది. 1,499ని 365తో భాగిస్తే 4 రూపాయల 10 పైసలు వస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ రోజుకు నాలుగు చొప్పున తీసుకోరు, ఏడాది మొత్తం ఒకేసారి లాగేస్తారు. ఏడాది జీతం ఒకేసారి చేతికొచ్చేవాళ్లు మనలో ఎవరున్నారు? నెలకు 32 వేలు చేతికొచ్చేవాడికి 1,499 అంటే వారం రోజుల భోజనం. ప్రకటనలో ‘రోజుకు’ అన్న మాట కనబడితే, ఒక్కసారికి ఎంత తీసుకుంటారో కనబడేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇక యాప్ పనితనం. “ప్రతి రూపాయికీ లెక్క” ఎలా చూస్తుందంటే, మన ఫోన్‌కు బ్యాంకు నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదివి. అందుకే మొదట్లోనే మెసేజ్‌ల అనుమతి అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ అనుమతికి సగం ఇవ్వడం అనేది లేదు. బ్యాంకువి మాత్రమే చూడు, మిగతావి చూడకు అని చెప్పలేం. ఇస్తే ఓటీపీలు, ఆసుపత్రి మెసేజ్‌లు, ఇంట్లోవాళ్లు పంపినవి అన్నీ దానికి తెరిచినట్టే. మామూలు యాప్‌లకు ఎస్సెమ్మెస్ అనుమతిని గూగుల్ ప్లే స్టోర్ చాలావరకు ఆపేసింది. ఎస్సెమ్మెస్‌ల ఆధారంగా డబ్బు లెక్కలు చూసే యాప్‌లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ప్లే స్టోర్‌లో ఉంది కదా, ఇంతగా అడగదులే అనుకోవద్దు.

అంతా ఇచ్చాక కూడా లెక్క కుదరలేదు. జీతం పడే ఖాతాలోంచి ఈఎంఐ కట్టే నా ఇంకో ఖాతాకు 5,000 పంపితే దాన్ని ఖర్చు కింద రాసింది. క్రెడిట్ కార్డుతో 2,300కి చెప్పులు, చొక్కా కొంటే ఒకసారి, ఆ కార్డు బిల్లు కట్టినప్పుడు ఇంకోసారి, రెండుసార్లూ ఖర్చు చూపించింది. అదే చాయ్, షేర్ ఆటో, మధ్యాహ్నం పునుగుల ఖర్చు అసలు ఎక్కలేదు. కొన్ని బ్యాంకులు 100 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు ఎస్సెమ్మెస్ పంపడం మానేశాయి. మెసేజ్ రాకపోతే యాప్‌కు ఆ ఖర్చే తెలియదు. మన చేతిలోంచి తెలియకుండా జారిపోయేవి ఆ 20లు, 40లు, 60లే. వాటిని పట్టుకోలేకపోతే ప్రతి రూపాయికీ లెక్క అన్న మాటకు అర్థమేముంది? ప్రకటన రాసినవాళ్లకు ఈ సంగతి తెలియకుండా ఉండదని నా నమ్మకం.

మూడో రోజుకే విసుగొచ్చి యాప్ తీసేశాను. పీడా వదిలిందనుకున్నాను. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఈ విషయం చెప్పడానికే: యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మ్యాండేట్ రద్దు కాదు. మ్యాండేట్ యాప్‌లో ఉండదు, మన యూపీఐలో, బ్యాంకులో ఉంటుంది. ఫోన్‌లోంచి యాప్ పోయినా అది అలాగే ఉంటుంది.

4వ తేదీ తెల్లవారుజామున ఒక మెసేజ్ వచ్చింది. ఫలానా ప్రైవేట్ లిమిటెడ్‌కు రేపు 1,499 డెబిట్ అవుతుందని. ఆటోపేలో డబ్బు తీసే 24 గంటల ముందు ఇలా చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. వాళ్లు చెప్పారు. కానీ ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. పైన రెండు లోన్ మెసేజ్‌లు, కింద ఒక రీచార్జ్ ఆఫర్, మధ్యలో ఇది. ఏదో స్పామ్ అనుకుని వదిలేశాను. ఆటోపేలో 15,000 లోపు మొత్తాలకు తర్వాత్తర్వాత పిన్ అడగరు. అందుకే మళ్లీ నన్ను అడగడం అంటూ జరగలేదు.

5వ తేదీ పొద్దున ఆ ఖాతాలో ఉన్నది 4,600. బండి ఈఎంఐ 3,850 ఆ రోజే కట్ కావాలి. అందుకోసమే ఆ ఖాతాలో ఉంచాను. 1,499 ముందు పోయింది. మిగిలింది 3,101. ఈఎంఐకి చాలలేదు, బౌన్స్ అయింది. బ్యాంకు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 వేసింది. ఫైనాన్స్ కంపెనీ ఇంకో 500 వేసింది. వాళ్ల మనిషి ఊళ్లో నాన్నకు ఫోన్ చేశాడు, ఎందుకంటే బండి తీసుకున్నప్పుడు రెండో నంబర్‌గా నాన్నది ఇచ్చాను. మా నాన్న జీవితంలో ఎవరికీ బాకీ పడ్డ మనిషి కాదు. “ఏమైందిరా, ఉద్యోగం ఉందా?” అని అడిగాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను.

సాయంత్రం ఫ్రెండ్ దగ్గర తీసుకుని ఈఎంఐ కట్టి, అప్పుడు కూర్చున్నాను. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ చూస్తే ఏమీ లేదు. డబ్బు గూగుల్ ద్వారా పోలేదు కాబట్టి అక్కడ రీఫండ్ అడిగే దారి కూడా లేదు. యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్తే Autopay అని ఉంటుంది. అక్కడ ఆ మ్యాండేట్ కనబడింది, పిన్ కొట్టి రద్దు చేశాను. నిమిషం పట్టలేదు. ఆ నిమిషం వారం ముందు పెట్టి ఉంటే సరిపోయేది. ట్రయల్ చూడాలనే ఉంటే, పిన్ కొట్టిన రోజే ఆ పేజీకి వెళ్లి మ్యాండేట్ తీసేయండి. అప్పుడు వాళ్లు డబ్బు లాగలేరు. యాప్ ట్రయల్‌ను అక్కడే ఆపేస్తే ఆపేయనీయండి.

కంపెనీకి మెయిల్ చేస్తే “ట్రయల్ ముగియడానికి 24 గంటల ముందే రద్దు చేసుకోవాలి, మా షరతుల్లో ఉంది” అని జవాబు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. ఫిర్యాదులో ఒక మాట తప్పకుండా రాయండి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు మనల్ని మభ్యపెట్టే పద్ధతుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అని ఒకటి ఉంది. ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం చెల్లింపు వివరాలో, ఆటో డెబిట్ అనుమతో ఇచ్చి తీరాలని పట్టుబట్టడం దాని కిందికి వస్తుంది. నా కేసు అక్షరాలా అదే. కంపెనీ వాళ్లు ‘రూపాయి తీసుకున్నాం, అది ఉచితం కాదు’ అని వాదించారు. అందుకే ప్రకటన ముఖ్యమైంది. ప్రకటనలో ఉన్నది ‘7 రోజులు ఉచితం’ అనే.

నా దగ్గర ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ లేదు. రీల్ పైకి జరిపితే పోయింది కదా. అప్పుడు ఆఫీసులో తెలిసినాయన ఒక సంగతి చెప్పాడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో నడుస్తున్న ప్రకటనలన్నీ మెటా యాడ్ లైబ్రరీ అనే పేజీలో ఎవరైనా వెతికి చూడొచ్చు. యాప్ పేరు కొడితే ఆరు ప్రకటనలు వచ్చాయి, నేను చూసిందీ అందులో ఉంది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేశాను. ఇలాంటి ప్రకటనలు నడుస్తున్నంతకాలమే అక్కడ కనబడతాయి, ఆపేస్తే దొరకవు. కాబట్టి మోసపోయామని తెలిసిన రోజే తీసి పెట్టుకోండి. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకైతే గూగుల్‌కు ఇలాంటిదే యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని ఉంది.

ఇంకో చిన్న సంగతి. యాప్ తీసేసే ముందు రోజు లోపల “మీకోసం 40,000 సిద్ధం” అని ఒక బ్యానర్ వచ్చింది. బడ్జెట్ యాప్‌లో లోన్ ఏమిటి? నా జీతం మెసేజ్ చదివాకే అది వచ్చిందని నా అనుమానం. నేను నొక్కలేదు. మీరు నొక్కాల్సి వస్తే, అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ఏమిటో, వడ్డీ, చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో చెప్పే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే చూపించాలి. అది చూపించకపోతే అక్కడే ఆగిపోండి.

19 రోజుల తర్వాత 1,499 నా ఖాతాకు తిరిగి వచ్చింది. బౌన్స్ చార్జీలు 1,090 మాత్రం తమకు సంబంధం లేదన్నారు. దాని మీద ఇంకో ఫిర్యాదు పెట్టాను, అది నడుస్తోంది. ఈలోగా మా రూమ్‌లో నలుగురి ఫోన్లలోనూ Autopay పేజీ తెరిచి చూశాం. ముగ్గురి ఫోన్లలో, వాళ్లు ఎప్పుడో తీసేసిన యాప్‌ల మ్యాండేట్లు ఇంకా బతికే ఉన్నాయి. ఒకతనికి ఐదున్నాయి. మీరూ ఈ రాత్రే ఒకసారి తెరిచి చూడండి.