వాడిన స్మార్ట్ టీవీ కొంటున్నారా? "రీసెట్ చేసేశాను" అన్న మాట మీద ఆధారపడకండి

వాడిన స్మార్ట్ టీవీ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. మేము కొన్న టీవీకి ప్యానెల్‌లో లోపం లేదు, సౌండ్ బాగుంది, రిమోట్ కొత్తదానిలా ఉంది. గొడవంతా లోపల మిగిలిపోయిన పాత యజమాని అకౌంట్లతో వచ్చింది. అది ఆయన కార్డులో డబ్బు పోయేదాకా, మా మీద అనుమానపడేదాకా వెళ్లింది.

అమ్మినాయన మంచి మనిషే. "అంతా రీసెట్ చేసి పెట్టాను, తీసుకెళ్లి ఆన్ చేసుకోవడమే" అన్నారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే హోమ్ స్క్రీన్ నేరుగా వచ్చేసింది. యాప్‌లన్నీ వరుసగా ఉన్నాయి. మన వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే అన్నీ పనిచేశాయి. సెటప్ కూడా ఆయనే చేసిచ్చారు కాబోలు అనుకుని సంతోషించాం.

మొదట తేడా తెలిసింది స్క్రీన్‌సేవర్ దగ్గర. కాసేపు టీవీని వదిలేస్తే ప్రకృతి దృశ్యాల బదులు ఎవరివో ఇంటి ఫొటోలు తిరగడం మొదలయ్యాయి. స్కూల్ యూనిఫాంలో ఒక పాప, ఇంటి ముందు ఆపిన కారు, దాని నంబర్ ప్లేటు కూడా చక్కగా చదవగలిగేంత పెద్దగా. ఆయన గూగుల్ ఫొటోస్ ఆల్బమ్‌ను స్క్రీన్‌సేవర్‌గా పెట్టుకున్నారట. అకౌంట్ టీవీలోనే ఉంది కాబట్టి ఆ ఫొటోలు మా వైఫై మీద కూడా వస్తూనే ఉన్నాయి.

తర్వాత యూట్యూబ్. మేం ఏదో చూస్తుండగా ఉన్నట్టుండి పిల్లల కార్టూన్ మొదలైంది. ఆపేస్తే మళ్లీ మొదలైంది. టీవీకి పిచ్చి పట్టిందనుకున్నాం. అసలు సంగతేంటంటే, యూట్యూబ్‌లో టీవీ మీద కనిపించే కోడ్‌ను ఫోన్‌లో కొట్టి రెండింటినీ కలిపే పద్ధతి ఒకటుంది. ఇలా ఒకసారి కలిపితే ఫోన్, టీవీ ఒకే వైఫై మీద ఉండనక్కర్లేదు. ఆ ఇంట్లో పాప తన అమ్మ ఫోన్‌లో ఎప్పటిలాగే టీవీ గుర్తు నొక్కి కార్టూన్ పెట్టింది, అది మా ఇంట్లో ఆడింది. పాప తప్పేం లేదు, దాని దృష్టిలో అది ఇంకా వాళ్ల టీవీయే.

ఈ రెండూ నవ్వుకుని వదిలేసేవే. మూడోది అలా కాదు. అమ్మినాయన ఫోన్ చేసి, "మీరు సినిమా అద్దెకు తీసుకున్నారా? నా కార్డులోంచి డబ్బు కట్ అయింది" అన్నారు. గొంతులో మర్యాద ఉంది గానీ అనుమానమూ ఉంది. మా అమ్మ ఏదో సినిమా కనిపిస్తే ఓకే నొక్కింది, ఆ తర్వాత వచ్చిన స్క్రీన్ మీదా ఓకే నొక్కింది. కార్డు నంబరు అడగలేదు, పిన్ అడగలేదు. అడగదు కూడా. ఆయన కార్డు ఆయన అకౌంట్‌లో ముందే ఉంది, కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడగాలన్న సెట్టింగ్ ఆయన ఆపేసి ఉంచారు. టీవీకి సంబంధించినంతవరకు ఆ ఓకే నొక్కింది ఆయనే.

ఆయన ఫోన్‌లో ఉండగానే టీవీ మెనూ తెరిచి చూశాం. "మరి రీసెట్ చేశానన్నారు కదండీ?" అంటే, "చేశానండీ, ఇదిగో, ఇదే నొక్కాను" అని చెప్పారు. ఆయన నొక్కింది పిక్చర్ సెట్టింగ్స్‌లో ఉండే రీసెట్! అది బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, రంగులను మాత్రమే మొదటి స్థితికి తెస్తుంది. దానితో పాటు ఒకటి రెండు సినిమా యాప్‌లలో సైన్ అవుట్ కొట్టారు. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. టీవీలో రీసెట్ అనే మాట నాలుగైదు చోట్ల ఉంటుంది, దేని పని దానిదే. పిక్చర్‌కు వేరు, సౌండ్‌కు వేరు, నెట్‌వర్క్‌కు వేరు. ఇవేవీ అకౌంట్లను తాకవు. మనకు కావాల్సింది ఫ్యాక్టరీ రీసెట్.

అది ఎక్కడుంటుందంటే, గూగుల్ టీవీల్లో ఎక్కువగా ఇలా వెళ్లాలి:

```
Settings > System > About > Reset > Factory reset
```

దాని తర్వాత Erase everything అని మళ్లీ అడుగుతుంది, అది ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. పాత ఆండ్రాయిడ్ టీవీల్లో దీన్నే Device Preferences కింద Factory data reset అని చూస్తారు. శాంసంగ్‌లో జనరల్ మెనూలో Reset అని, ఎల్‌జీలో Reset to Initial Settings అని, ఫైర్ టీవీలో My Fire TV కింద Reset to Factory Defaults అని ఉంటుంది. మోడల్‌ను బట్టి మెనూ ఒక మెట్టు అటూ ఇటూ అవుతుంది. పేరు కంటే హెచ్చరిక చూడండి. అకౌంట్లు, యాప్‌లు, డేటా అన్నీ పోతాయని టీవీ ముందే చెబితే మీరు సరైన చోట ఉన్నట్టు.

"అకౌంట్ తీసేస్తే చాలదా, రీసెట్ దేనికి?" అని కొందరు అమ్మేవాళ్లు అంటారు. చాలదు. గూగుల్ అకౌంట్ తీసేసినా నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లలో లాగిన్ అలాగే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో యాప్ తన లాగిన్‌ను తన దగ్గరే దాచుకుంటుంది. వైఫై పాస్‌వర్డ్, బ్రౌజర్ చరిత్ర, పిల్లల కోసం పెట్టిన లాక్‌లు, యూట్యూబ్‌తో కలిపిన ఫోన్ల జాబితా, ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతికి తీసే ఓపిక ఎవరికుంటుంది? ఫ్యాక్టరీ రీసెట్ అయితే టీవీలో దాచినవన్నీ ఒకేసారి తుడిచేస్తుంది. దానికీ ఒక మినహాయింపు ఉంది. శాంసంగ్ మాన్యువల్‌లోనే, రీసెట్ చేస్తే నెట్‌వర్క్ సెట్టింగ్స్ తప్ప మిగతావి మొదటి స్థితికి వస్తాయని రాసి ఉంటుంది. అంటే ఆ టీవీలో వైఫై వివరాలను నెట్‌వర్క్ మెనూలోకి వెళ్లి విడిగా తీయాలి.

కొనేవాళ్లు ఏం చేయాలంటే, రీసెట్ మీ కళ్లముందే చేయించండి. ముందే చేసి ఉంచితే మరీ మంచిది, అప్పుడు గుర్తుపట్టడం తేలిక. నిజంగా రీసెట్ అయిన టీవీ ఆన్ చేయగానే భాష ఎంచుకోమని అడుగుతుంది. తర్వాత దేశం, రిమోట్ జత చేయడం, వైఫై. అలా కాకుండా హోమ్ స్క్రీన్ నేరుగా వచ్చిందంటే, అమ్మేవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా, అది రీసెట్ అయిన టీవీ కాదు. ఇంకో గుర్తు, వైఫై దగ్గర పాస్‌వర్డ్ అడగకుండానే వాళ్లింటి వైఫైకి కనెక్ట్ అయిపోయిందంటే నెట్‌వర్క్ వివరాలు మిగిలే ఉన్నాయన్నమాట.

ఇక్కడ అమ్మేవాళ్లు ఒక అడ్డుపుల్ల వేస్తారు. "రీసెట్ చేస్తే మళ్లీ లాగిన్ అవ్వాలి, లేకపోతే పిక్చర్ ఎలా చూస్తారు?" అని. గూగుల్ టీవీ అయితే సెటప్ మొదట్లోనే Set up basic TV అనే దారి ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఏ అకౌంటూ ఇవ్వకుండానే టీవీ తెరుచుకుంటుంది. హెచ్‌డీఎంఐ ద్వారా లాప్‌టాప్ పెట్టి గీతలు, మచ్చలు, వెలుగు అన్నీ పరీక్షించుకోవచ్చు. మీ సొంత అకౌంట్‌తో మాత్రం అక్కడ లాగిన్ అవ్వకండి. బేరం తెగకపోతే ఈసారి మీ అకౌంట్ వాళ్లింట్లో మిగిలిపోతుంది!

పిన్ సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. శాంసంగ్ లాంటి టీవీలు రీసెట్‌కు ముందు పిన్ అడుగుతాయి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది 0000. దాన్ని ఎప్పుడో మార్చి మరచిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. టీవీ మీ ఇంటికి చేరాక ఫోన్ చేసి "పిన్ ఏంటండీ?" అని అడిగితే, "మా అబ్బాయి పెట్టాడు, వాడు ఊళ్లో లేడు" అనే జవాబు వస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడైతే ఆ అబ్బాయికి ఫోన్ కలిపి కనుక్కుంటారు. రీసెట్ మధ్యలో కరెంట్ తీయకండి, స్క్రీన్ నల్లగా మారి రీస్టార్ట్ అవుతుంటే కంగారుపడి ప్లగ్ పీకేవాళ్లున్నారు. దానంతట అదే భాష అడిగే స్క్రీన్ దాకా రానివ్వండి. వెనకాల యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ ఉందేమో చూసి వాళ్లకిచ్చేయండి, రీసెట్‌తో దానికి సంబంధం లేదు.

మాలాగే టీవీ ఇప్పటికే తెచ్చేసుకుని ఉంటే, సెట్టింగ్స్‌లో అకౌంట్ల మెనూ తెరిచి చూడండి. మీది కాని మెయిల్ ఐడీ కనిపిస్తే ఏమీ నొక్కకుండా, ఏదీ చూడకుండా వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ముందు పాత యజమానికి ఒక మాట చెప్పడం మర్యాద, పైగా మీకూ మంచిది. మేం ఆయన అకౌంట్ మీద చూసినవన్నీ ఆయన యూట్యూబ్ హిస్టరీలో వరుసగా ఉన్నాయి. ఆయనకు వచ్చే సిఫార్సులన్నీ మా అమ్మ చూసే ఆరోగ్య చిట్కాలతో నిండిపోయాయట. మనం ఏ టైముకు ఏం చూస్తున్నామో ఇంకొకరి ఫోన్‌లో కనిపించడం నాకైతే కార్డు గొడవ కంటే చిరాకనిపించింది.

అమ్మేవాళ్లకు, చుట్టాలకు పాత టీవీ ఇచ్చేవాళ్లకు ఒక ముక్క. ఇంట్లోవాళ్లకే కదా అని అలాగే ఇచ్చేస్తారు, పాత టీవీ వాళ్ల దగ్గర్నుంచి ఇంకెవరికో వెళ్తుంది. టీవీ చేయి దాటిపోయాక గుర్తొస్తే దారి లేకపోలేదు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద మీ పరికరాల జాబితా ఉంటుంది, అందులో ఆ టీవీని ఎంచుకుని సైన్ అవుట్ కొట్టొచ్చు. నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ పేజీలో Manage access and devices లోంచి ఆ ఒక్క టీవీనే తీసేయొచ్చు. అమెజాన్‌లో అయితే పరికరాల జాబితాలోంచి డీరిజిస్టర్ చేయాలి. ఏ యాప్‌కు ఆ యాప్‌లోనే చేయాలి, గూగుల్‌లో తీస్తే మిగతావి పోవు. అయితే ఇలా దూరం నుంచి చేసేది లాగిన్‌ను మాత్రమే తెంపుతుంది. టీవీలో దాచి ఉన్న వైఫై పాస్‌వర్డ్ లాంటివి ఎవరైనా అక్కడ రీసెట్ కొట్టేదాకా అలాగే ఉంటాయి. అందుకని మీ వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి.

మా టీవీని ఆయన ఫోన్‌లో ఉండగానే రీసెట్ చేశాం. ఆయన తన జాబితాలోంచి టీవీని తీసేసి, కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ ఆన్ చేసుకున్నారు. సినిమా అద్దె డబ్బు మేమే పంపించాం. అమ్మ ఆ సినిమా సగమే చూసింది, రీసెట్‌తో మిగతా సగం పోయింది.